కారమెల్ సాస్ చేసి చూపిస్తూ వివరించడం: చెయ్యి ఖాళీ లేనప్పుడు మాట ఎలా నడపాలి?

కొత్తగరిటె

సభ్యులందరికీ నమస్కారం. కుర్చీల్లో కూర్చుని చూసే నలభై మంది ముందు కారమెల్ సాస్ తయారీని చేసి చూపించే పని నాకు అప్పగించారు. ఈ సాస్ చేయడం నాకు బాగా అలవాటే. అయితే చేస్తూ వివరించడం పూర్తిగా వేరే విద్య అని సాధన మొదలుపెట్టాక అర్థమవుతోంది. మాట మీద ధ్యాస పెడితే చెయ్యి ఆగిపోతోంది. చెయ్యి మీద ధ్యాస పెడితే వాక్యం సగంలో తెగిపోతోంది. ముఖ్యంగా పంచదార రంగు తిరిగే సమయంలో నేను ఏం చెబుతున్నానో నాకే తెలియడం లేదు.

నేను వాడే కొలతలు ఇవి: పంచదార 200 గ్రాములు, నీళ్లు 60 మిల్లీలీటర్లు, క్రీమ్ 120 మిల్లీలీటర్లు, ఉప్పు లేని వెన్న 60 గ్రాములు, చివర్లో అర చెంచా ఉప్పు. ఇచ్చిన సమయం అరగంట. పొయ్యి పైన కెమెరా అమర్చి, అందులో కనిపించేది నా వెనుక తెర మీద చూపిస్తారట. ఏ మాట ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గడియారం

దీనికి ఒకటే మార్గం ఉంది, అది రాతప్రతి. ఇంట్లో ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టుకుని సాస్ చేయండి, ఏ నిమిషంలో ఏం జరిగిందో రాసుకోండి, ఆ నిమిషాలకు సరిపడేలా పేరాలు రాసి కంఠస్థం చేయండి. మాట ఎక్కడా ఆగకూడదు, ఎందుకంటే వేదిక మీద పది సెకన్ల మౌనం కూడా ప్రేక్షకుడికి చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఇంకొక మాట కూడా ముందే ప్రకటించండి: కారమెల్ చేసేటప్పుడు పంచదారను మొదటి నుంచి చివరి వరకు ఎప్పుడూ గరిటెతో కలపకూడదు. నియమం ఒక్క ముక్కలో ఉంటే అందరికీ గుర్తుంటుంది.

పొయ్యిదగ్గర

నేను వంట నేర్పే శిక్షణ కేంద్రంలో చాలా కాలంగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గడియారం గారు రాతప్రతి అవసరమన్నారు, అది నిజమే. కానీ దాన్ని నిమిషాలకు ముడిపెట్టడం మాత్రం ఈ వంటకానికి పనికిరాదు. మీ ఇంటి పొయ్యి మీద ఏడు నిమిషాల్లో రంగు వచ్చిన పాకం, వేదిక మీద ఇచ్చే పొయ్యి మీద పది నిమిషాలు పట్టవచ్చు, లేదా ఐదు నిమిషాల్లోనే మాడిపోవచ్చు. పాత్ర మందం మారినా లెక్క మారుతుంది. మీరు కంఠస్థం చేసిన నాలుగో పేరాలో ఉండగా పాకం ఆరో పేరాలోకి వెళ్లిపోతే, ఏది వదిలెయ్యాలో తెలియక ఇబ్బంది పడతారు. అందుకే మాటను నిమిషాలకు కాకుండా, కంటికి కనిపించే గుర్తులకు కట్టాలి.

కారమెల్‌కు ఒక ప్రత్యేకమైన నడక ఉంది. నీళ్లు, పంచదార కలిసి మరగడం మొదలైన తరువాత చాలాసేపు చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించదు. ఆ సమయమంతా నీరు ఆవిరైపోతూ ఉంటుంది, ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది. నీరు దాదాపు పోయాక 160 డిగ్రీల ప్రాంతంలో రంగు మొదలవుతుంది, 170 దాటేసరికి రాగి రంగు వస్తుంది, 190 సమీపించేసరికి చేదు తేలిపోతుంది. అంటే అరగంట ప్రదర్శనలో అసలు కథ అంతా రెండు నిమిషాల లోపే జరుగుతుంది. ఈ నడకను పట్టుకుంటే ఏం మాట్లాడాలో దానంతట అదే తేలుతుంది. వివరణ, కారణాలు, కొలతల వెనుక ఉన్న లెక్క, ఇవన్నీ మార్పు లేని ఆ నిదాన సమయంలో చెప్పేయాలి. రంగు మొదలైన తరువాత కొత్త విషయం ఒక్కటి కూడా ఎత్తకూడదు. అప్పటికే చెప్పి ఉంచిన విషయాలను రెండు మూడు మాటల్లో గుర్తుచేస్తే చాలు.

ఉదాహరణకు, క్రీమ్ పోసినప్పుడు పాకం ఎందుకు అంతలా పొంగుతుందో క్రీమ్ పోస్తూ వివరించబోతే మీ చెయ్యి వణుకుతుంది, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదు కూడా. అదే విషయాన్ని పాకం నెమ్మదిగా మరుగుతున్నప్పుడు ఇలా చెప్పి ఉంచండి: “మరికొద్దిసేపట్లో ఇందులో క్రీమ్ పోస్తాను. ఈ పాకం వేడి నీరు మరిగే వేడి కంటే చాలా ఎక్కువ కాబట్టి, క్రీమ్‌లో ఉన్న నీరు తగలగానే ఆవిరిగా మారి పైకి లేస్తుంది. అందుకే నేను ఇంత లోతైన పాత్ర తీసుకున్నాను, అందుకే క్రీమ్‌ను ముందే వేడి చేసి పెట్టుకున్నాను.” ఇలా చెప్పి ఉంచితే, పోసే క్షణంలో “ఇప్పుడు పొంగుతుంది” అన్న రెండు మాటలు సరిపోతాయి. ప్రేక్షకులు తాము విన్నదే జరగడం చూస్తారు.

మౌనం గురించి గడియారం గారితో నేను ఏకీభవించను. పాకం రంగు తిరిగే సమయంలో పది సెకన్లు మాట్లాడకపోతే ప్రేక్షకులు విసుగు చెందరు, పైగా మెడలు చాచి చూస్తారు. అయితే ఆ మౌనం ఎందుకో ముందు చెప్పాలి. “ఇక్కడ నేను కాసేపు మాట్లాడను, రంగు మీదే కన్ను పెడతాను, మీరూ చూడండి” అంటే అది మౌనంలా ఉండదు.

ఇక కలపకూడదన్న నియమం సగమే సరైనది. నీళ్లు పోసి చేసే పద్ధతిలో పంచదార పూర్తిగా కరిగే వరకు మెల్లగా కలపవచ్చు. కరిగి మరుగు పట్టిన తరువాత కలిపితేనే గడ్డకట్టే ప్రమాదం. నీళ్లు లేకుండా నేరుగా పంచదారను కరిగించే పద్ధతిలో అయితే కలుపుతూనే ఉంటారు. “ఎప్పుడూ కలపకూడదు” అని ప్రకటించి, ఆ వెంటనే మీరు గరిటె తిప్పితే ముందు వరుసలోని వారు తప్పకుండా అడుగుతారు.

వీడియోపిచ్చి

ఇంత శ్రమ ఎందుకండీ? ముందు వంట మొత్తం మౌనంగా చిత్రీకరించండి. తరువాత తీరిగ్గా కూర్చుని గొంతు రికార్డు చేసి దాని మీద అతికించండి. పాకం మరిగే ఆ పది నిమిషాలను వేగం పెంచి పది సెకన్లకు కుదించవచ్చు. నేను అన్నీ అలాగే చేస్తాను, ఒక్క మాట కూడా తడబడదు.

కొత్తగరిటె

వీడియోపిచ్చి గారూ, ఇది చిత్రీకరణ కాదండీ, నలభై మంది ఎదురుగా కూర్చుని ఉంటారు. ఆ పది నిమిషాలను కుదించే వీలు లేదు, అదే నా సమస్య.

పొయ్యిదగ్గర గారూ, మీరు చెప్పిన పద్ధతి అర్థమైంది, కృతజ్ఞతలు. అయితే నిదాన సమయం ఎప్పుడు ముగుస్తుందో నాకు ఎలా తెలుస్తుంది? నేను ప్రేక్షకులను చూస్తూ మాట్లాడుతుంటే పాకం నా వెనుక జారిపోతుంది కదా?

పొయ్యిదగ్గర

బుడగలను చూడండి, అంతకంటే ముందు వినండి. మరుగు మొదలైనప్పుడు బుడగలు చిన్నవిగా, వేగంగా, పలచగా ఉంటాయి, నీళ్లు మరిగే చప్పుడే వస్తుంది. నీరు తగ్గుతున్న కొద్దీ బుడగలు పెద్దవై, బరువెక్కి, నెమ్మదిగా పగులుతాయి, చప్పుడు మందగిస్తుంది, పైకి లేచే ఆవిరి కూడా పలచబడుతుంది. ఈ మార్పు రంగు రావడానికి కాస్త ముందే వస్తుంది కాబట్టి అది మీకు హెచ్చరిక. తల తిప్పి ప్రేక్షకులతో మాట్లాడుతున్నప్పుడు కూడా చెవి పాత్ర దగ్గరే ఉండాలి. చప్పుడు మారిందని తెలియగానే మీరు చెబుతున్న విషయం ఎంత ఆసక్తికరమైనదైనా, వాక్యం సగంలో ఉన్నా, అక్కడే వదిలేసి “చప్పుడు మారింది, ఇక రంగు వస్తుంది” అని పాత్ర వైపు తిరగండి. అలా తిరగడం కూడా ప్రేక్షకులకు ఒక పాఠమే, ఇంట్లో వారు గుర్తుపట్టవలసినది సరిగ్గా ఆ చప్పుడునే.

ఇందుకోసం నిదాన సమయంలో చెప్పే విషయాలను రెండు రకాలుగా విడదీసుకోండి. మొదటివి తప్పనిసరిగా చెప్పవలసినవి: క్రీమ్ పొంగడం, పాత్ర అంచున స్ఫటికాలు ఏర్పడితే తడి బ్రష్షుతో తుడవడం, పొయ్యి మీద నుంచి దించిన తరువాత కూడా పాత్ర వేడికి రంగు ముదరడం. ఇవి మరుగు మొదలైన వెంటనే చెప్పేయాలి. రెండోవి చెప్పకపోయినా నష్టం లేనివి: సాస్ ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఉప్పు ఎందుకు, వెన్న ఎక్కువైతే ఏమవుతుంది వంటివి. ఇవి చివర ఉండాలి. పాకం త్వరపడితే రెండో రకం విషయాలు రాలిపోతాయి, ఎవరికీ తెలియదు. పాకం ఆలస్యం చేస్తే అవే మిమ్మల్ని ఆదుకుంటాయి.

చివరివరుస

నేను వంట చేసి చూపించేదాన్ని కాదు, కూర్చుని చూసేదాన్ని. నాకు వినికిడి లోపం ఉంది. వినికిడి యంత్రంతో పాటు పెదవుల కదలికను కూడా చూసి మాట పట్టుకుంటాను. మీరందరూ వక్త వైపు నుంచి రాస్తున్నారు కాబట్టి ప్రేక్షకుల వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

వంట చేసేవారు పాత్రలోకి వంగి మాట్లాడినప్పుడు నాకు ఏమీ అందదు. నాకే కాదు, పక్కన బాగా వినబడే వారికి కూడా సగమే అందుతుందని వారి ముఖాలు చూస్తే తెలుస్తుంది. చెయ్యి పని చేస్తుండగా తల కిందికి ఉండక తప్పదని నాకూ తెలుసు. కాబట్టి ముందు తల ఎత్తి ఆ మెట్టు చెప్పి, తరువాత తల దించి ఆ పని చేస్తే సరిపోతుంది. రెండూ ఒకేసారి జరగనక్కరలేదు. చెప్పిన మరుక్షణం చేస్తే నేను రెండింటినీ కలిపి అర్థం చేసుకోగలను. చేసిన తరువాత చెబితే అప్పటికి చూడవలసింది జరిగిపోయి ఉంటుంది.

రెండో ఇబ్బంది “ఇలా”, “ఇంత”, “ఇక్కడ” అన్న మాటలతో. “ఇంత వెన్న వేసి, ఇలా తిప్పితే, ఇదిగో ఇలా వస్తుంది” అన్న వాక్యంలో చివరి వరుసలో కూర్చున్న నాకు ఒక్క సమాచారం కూడా లేదు. ఎంత వెన్న, ఏ ముక్కలుగా, పాత్రను తిప్పారా, గరిటెను తిప్పారా, వచ్చినది గట్టిదా పలచనిదా? తెర ఉన్నా సరే, మాటలోనే వస్తువు పేరు, కొలత, కదలిక ఉండాలి.

ధ్వనిపెట్టె

వేదికల మీద మైకులు, తెరలు అమర్చడం నా వృత్తి. చివరివరుస గారు చెప్పిన మొదటి ఇబ్బందిలో సగం మైకు వల్ల వస్తుంది. ఆప్రాన్ మీద తగిలించే చిన్న మైకు ఇలాంటి పనికి సరిపోదు. తల తిప్పిన ప్రతిసారీ గొంతు దూరమవుతుంది, బట్ట రాసుకున్న చప్పుడు వస్తుంది, ఆవిరి నేరుగా దాని మీదికే లేస్తుంది. చెవికి తగిలించుకుని చెంప పక్కగా వచ్చే మైకు అడగండి. అది తలతో పాటు తిరుగుతుంది కాబట్టి మీరు పాత్రలోకి వంగినా గొంతు స్థాయి మారదు. చేతి మైకు ఇస్తామంటే ఒప్పుకోకండి. రెండు చేతుల పని ఒక చేత్తో చేయవలసి వస్తుంది.

మైకు సరిచూసేటప్పుడు “హలో హలో” అంటే చాలదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్, పొయ్యి రెండూ నడుస్తుండగా, పాత్రలోకి వంగి, నిజంగా చెప్పబోయే వాక్యం ఒకటి చెప్పండి. ఫ్యాన్ హోరు అప్పుడే తెలుస్తుంది. వీలైతే వివరణ ఎక్కువగా ఉండే నిదాన సమయంలో ఫ్యాన్ వేగం తగ్గించమని, క్రీమ్ పోసే ముందు పెంచమని మాట్లాడుకోండి.

తెర గురించి మరో ముఖ్యమైన విషయం ఉంది. కెమెరా తనంతట తాను రంగును, వెలుతురును సరిచేసుకునేలా ఉంచితే కారమెల్ విషయంలో పెద్ద మోసం జరుగుతుంది. పాత్ర నిండా పాకం ముదురుతుంటే కెమెరా దాన్ని సరిదిద్దాలని చూస్తుంది, తెర మీద రంగు లేతగానే కనిపిస్తుంది. మీరు రాగి రంగు అంటారు, ప్రేక్షకులు తెర మీద పసుపు చూస్తారు. ఆ రెండు సర్దుబాట్లనూ ముందుగానే ఒకచోట స్థిరపరచమని కెమెరా చూసేవారికి చెప్పండి. నిలువుగా పైన అమర్చిన కెమెరా అద్దానికి ఆవిరి కూడా పడుతుంది, కొంచెం పక్కకు వాల్చి అమర్చితే ఆ బాధ తగ్గుతుంది.

పొయ్యిదగ్గర

తెర రంగును ధ్వనిపెట్టె గారు ప్రస్తావించడం మంచిదైంది. నేను తెరను పూర్తిగా నమ్మను. పక్కన తెల్లని పింగాణీ పళ్లెం పెట్టుకుని, రంగు మొదలయ్యాక చెంచాతో ఒక్కో చుక్క దాని మీద వేస్తాను. లోతైన పాత్రలో పాకం ఉన్నదాని కంటే ముదురుగా కనిపిస్తుంది, తెల్లని పళ్లెం మీద పలచని చుక్కగా దాని నిజమైన రంగు తెలుస్తుంది. చుక్కలు వరుసగా వేస్తే లేత పసుపు, తేనె రంగు, రాగి రంగు మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ పళ్లాన్ని తరువాత ప్రేక్షకుల మధ్యకు పంపవచ్చు కూడా, చుక్కలు పూర్తిగా చల్లారాక మాత్రమే.

కొత్తగరిటె గారికి ఉపయోగపడుతుందని, ఈ సాస్‌కు నేను చెప్పే మాటలను వరుసలో రాస్తున్నాను. ఇవి కంఠస్థం చేయడానికి కాదు, ఏ గుర్తు దగ్గర ఎంత పొడవు మాట సరిపోతుందో చూడటానికి.

పొయ్యి వెలిగించక ముందు: “నా ఎదురుగా ఎడమ నుంచి కుడికి, వాడే వరుసలోనే అన్నీ ఉన్నాయి. 200 గ్రాముల పంచదార, 60 మిల్లీలీటర్ల నీళ్లు, తరువాత వేడి చేసిన 120 మిల్లీలీటర్ల క్రీమ్, ఆ పక్కన ముక్కలుగా కోసిన 60 గ్రాముల వెన్న, చివరన ఉప్పు.” ఒక్కొక్కదాన్ని ఎత్తి చూపించండి. మీ ఎడమ వారికి కుడి అవుతుంది కాబట్టి, “మీకు కుడి వైపు నుంచి” అని వారి వైపు నుంచి చెప్పడం మేలు. తరువాత మీరు “క్రీమ్” అనగానే వారి చూపు దానంతట అదే సరైన గిన్నె మీదికి వెళుతుంది.

పంచదార, నీళ్లు పాత్రలో పడ్డాక, మధ్యస్థమైన మంట మీద: “పంచదార కరిగే వరకే మెల్లగా కలుపుతాను. అడుగున గరగరమనే చప్పుడు పోతే కరిగినట్టు.” చప్పుడు పోగానే గరిటె తీసి పక్కన పెట్టి, “ఇక గరిటె ముట్టుకోను” అనండి. ఇక్కడే తప్పనిసరి విషయాలు మొదలుపెట్టాలి.

మరుగు మందగించినప్పుడు, అంటే బుడగలు బరువెక్కినప్పుడు: “చప్పుడు మారింది, చూడండి.” మంట కొంచెం తగ్గించండి, అది కూడా చెప్పి చేయండి.

అంచున పసుపు కనిపించగానే: “అంచున రంగు. పాత్రను పిడి పట్టుకుని గుండ్రంగా కదుపుతున్నాను, గరిటె లేదు.” తరువాత మౌనం. ఒక్కో చుక్క వేసినప్పుడు రంగు పేరు మాత్రమే: “పసుపు.” “తేనె.” “రాగి, దించేస్తున్నాను.” మీకు కావలసిన రంగుకు ఒక అడుగు ముందే దించాలి.

క్రీమ్: “వెనక్కి జరుగుతున్నాను. మూడు విడతలుగా పోస్తాను. పొంగుతుంది.” పొంగు తగ్గే వరకు మాట వద్దు. తగ్గాక వెన్న, ఉప్పు వేసి కలుపుతూ, అప్పుడు మళ్లీ నిండు వాక్యాల్లోకి రండి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఇక్కడ తీరిగ్గా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఇక ప్రమాదం దాటిపోయింది.

గమనించండి, మాటల పొడవు పాకం వేగానికి ఎదురు దిశలో నడుస్తోంది.

గడియారం

నిమిషాల పట్టిక విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత కంటి లెక్క, చెవి లెక్క ఎందుకు? డిజిటల్ థర్మామీటరు పాకంలో ముంచి, తెర మీద అంకె చూపిస్తే సరిపోతుంది కదా. “172 డిగ్రీలు, దించుతున్నాను” అన్న వాక్యం కంటే స్పష్టమైనది ఏముంటుంది? రాగి రంగు అంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు.

పొయ్యిదగ్గర

థర్మామీటరు వద్దని నేను అనను. కాని 200 గ్రాముల పంచదార వెడల్పైన పాత్రలో వేలి మందమే ఉంటుంది. థర్మామీటరు కొన పూర్తిగా మునగకపోతే, లేదా అడుగుకు తగిలితే, అంకె నిజం చెప్పదు. పాత్రను వాల్చి, పాకాన్ని ఒక మూలకు చేర్చి కొలవాలి. అంటే ఒక చెయ్యి పాత్రకు, ఒక చెయ్యి థర్మామీటరుకు పోతుంది, ఆ సమయంలో చెంచా పట్టుకునే మూడో చెయ్యి లేదు. ప్రేక్షకుల్లో చాలామంది ఇంట్లో థర్మామీటరు ఉండదు కూడా. అందుకే నేను రంగునే నమ్ముతాను.

గడియారం

పక్కన సహాయకుడు ఉంటే థర్మామీటరు అతను పట్టుకుంటాడు. నా అభిప్రాయం మారలేదు: మొదటిసారి నేర్చుకునేవారికి రంగు పేరు కంటే అంకె నమ్మకమైనది.

రెండోచెయ్యి

సహాయకుడి మాట వచ్చింది కాబట్టి, నేను చేసేది సరిగ్గా ఆ పనే. వేదిక మీద పక్కన నిలబడి గిన్నెలు అందిస్తాను. థర్మామీటరు పట్టుకోవడం కంటే ముఖ్యమైన ఉపయోగాలు రెండు ఉన్నాయి.

మొదటిది ప్రశ్నలు. ప్రేక్షకుల నుంచి ప్రశ్న ఎప్పుడూ పాకం రంగు తిరిగే క్షణంలోనే వస్తుంది, ఎందుకంటే అప్పుడే ఆసక్తి ఎక్కువ. “ప్రశ్నలు చివర్లో” అని ముందే చెప్పినా చెయ్యి లేస్తుంది. అప్పుడు వంట చేసేవారు తల ఎత్తకూడదు. నేనే ఆ వ్యక్తి వైపు చూసి, విన్నానన్నట్టు తల ఊపి, ప్రశ్నను కాగితం మీద రాసుకుంటాను. పొంగు తగ్గాక దాన్ని మైకులో చదువుతాను, వెనుక వరుసల వారికి ప్రశ్న కూడా వినబడుతుంది. సహాయకుడు లేకపోతే, ముందు వరుసలో ఒకరిని ఈ పనికి ముందుగానే అడిగి పెట్టుకోవచ్చు.

రెండోది రెండో పాత్ర. పాకం వేదిక మీద గడ్డకట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పాత్ర అంతటా ఒక్కసారిగా తెల్లగా, ఇసుకలా మారిపోతుంది. అందులో మళ్లీ నీళ్లు పోసి, మెల్లగా కరిగించి మొదటి నుంచి మరిగించవచ్చు, పాకం పాడవదు, కాని మరో పది నిమిషాలు పోతాయి. అందుకని కరిగించి సిద్ధం చేసిన రెండో పాకాన్ని, ఇంకా రంగు రాని దశలో, వేరే పాత్రలో పక్కన ఉంచుతాం. గడ్డకడితే దాచకూడదు. పాత్రను వాల్చి తెర మీద చూపించి, “ఇది గడ్డకట్టింది, అంచున మిగిలిన ఒక్క పలుకు చాలు, మొత్తం ఇలా అవుతుంది” అని చెప్పి, రెండో పాత్ర పొయ్యి మీదికి మార్చాలి. అది చూసినవారికి తడి బ్రష్షు ఎందుకో మరచిపోయే అవకాశం లేదు.

ఇంకొకటి. చల్లని నీళ్ల గిన్నె ఒకటి చేతికి అందేలా ఉంచుకోండి. చర్మం మీద పడిన పాకం అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే చెయ్యి ఆ గిన్నెలో ముంచి, ఆ తరువాత కుళాయి కింద పారే చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. అలా జరిగితే ప్రదర్శన ఆపేయాలి, మాటలతో నడిపించాలని చూడకూడదు. ఇక పళ్లెం మీద చుక్కను ఎవరూ వేలితో ముట్టుకోకుండా, అది వేసేటప్పుడే హెచ్చరించండి.

కొత్తగరిటె

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఈలోగా వేదిక మీద ఏ పొయ్యి ఇస్తారో అడిగాను. ఇండక్షన్ పొయ్యి అట. నేను ఇంట్లో గ్యాస్ మీద చేస్తాను. దీనివల్ల చెప్పే పద్ధతిలో ఏమైనా మారుతుందా?

పొయ్యిదగ్గర

మారుతుంది. మొదటిది, పాత్ర అడుగుకు అయస్కాంతం అతుక్కునేలా ఉండాలి. లోపలి వైపు నల్లని పూత లేకుండా, మెరిసే ఉక్కు రంగుది తీసుకోండి, నల్లని అడుగు మీద రంగు తెలియదు. రెండోది, ప్రేక్షకులకు చూపించాలని పాత్రను పైకి ఎత్తినప్పుడు పొయ్యి వేడి ఇవ్వడం ఆపేస్తుంది, కొంతసేపు ఎత్తి ఉంచితే తనంతట తానే ఆరిపోతుంది. మళ్లీ పెట్టి మీరు మాట్లాడుతూ ఉంటారు, పాకం మరగడం ఆగిపోయిందని ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి పాత్రను ఎత్తకుండా, పొయ్యి ఉపరితలం మీదే మెల్లగా గుండ్రంగా జరపండి, చూపించే పని తెరకు, పళ్లానికి వదిలేయండి.

ఇంకో తేడా, మంట కనిపించదు. గ్యాస్ అయితే మంట తగ్గించడం ప్రేక్షకులకు కనిపిస్తుంది. ఇక్కడ మీరు వేలితో నొక్కే మీట వారికి కనబడదు కాబట్టి, వేడి మార్చిన ప్రతిసారీ ఎంత నుంచి ఎంతకు మార్చారో మాటలో చెప్పాలి. మరీ ముఖ్యంగా, ఒక్కో ఇండక్షన్ పొయ్యి మీద ఒక్కో విధంగా అంకెలు ఉంటాయి. అందుకే “ఐదు నుంచి మూడుకు” అని చెప్పి, “అంటే బుడగలు ఆగకుండా, కాని నెమ్మదిగా పగిలేంత” అని జోడించండి.

ధ్వనిపెట్టె

ఇండక్షన్ పొయ్యి లోపలి చిన్న ఫ్యాన్ సన్నగా కూస్తుంది, కొన్ని పాత్రలతో ఈల లాంటి శబ్దం కూడా వస్తుంది. చెంప మైకు దాన్ని పట్టుకుంటుంది. వేదిక మీద ఆ పొయ్యి, మీరు వాడబోయే పాత్ర, రెండూ కలిపి సరిచూడకపోతే మైకు పరీక్ష చేసినట్టు కాదు.

చివరివరుస

కొత్తగరిటె గారూ, ఒక చిన్న అభ్యర్థన. రంగు తిరిగేటప్పుడు “పసుపు”, “తేనె”, “రాగి” అని ఒక్కో మాట మాత్రమే చెప్పాలన్న సలహా చదివాను. తల దించి చెప్పే ఆ ఒక్క మాటలే నాకు అందవు. రెండోచెయ్యి గారు చేసినట్టు పక్కన సహాయకుడు ఉంటే, ఆ మూడు పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన అట్టలు సమయానికి ఎత్తి చూపించగలరా? తెర మీద అక్షరాలు వేయగలిగితే ఇంకా మంచిది.

రెండోచెయ్యి

అట్టలు నేను ఇంతవరకు వాడలేదు, కాని చేయలేని పనేమీ కాదు. ఒక్క చిక్కుంది. సహాయకుడికి పాకం రంగు కనబడే చోట నిలబడాలి, అదే సమయంలో కెమెరాకు అడ్డు రాకూడదు. పొయ్యికి కుడి పక్కన, కెమెరా వాలిన దిశకు ఎదురుగా నిలబడితే కుదరవచ్చు. తెర మీద అక్షరాలు వేయడానికి ఆలస్యం ఎంత ఉంటుందో ధ్వనిపెట్టె గారు చెప్పాలి. రాగి రంగు మాట తెర మీదికి వచ్చేసరికి పాత్ర పొయ్యి దిగిపోయి ఉంటే ప్రయోజనం లేదు.

ధ్వనిపెట్టె

అక్షరాలను ముందే సిద్ధం చేసి ఉంచితే, ఒక మీట నొక్కగానే వస్తాయి, ఆలస్యం పెద్దగా ఉండదు. కాని ఆ మీట నొక్కే మనిషి తెర మీద రంగు చూసి నొక్కకూడదు, కొత్తగరిటె గారి గొంతు విని నొక్కాలి. కాబట్టి ఆ ముగ్గురూ, అంటే వంట చేసేవారు, సహాయకుడు, తెర చూసేవారు, ఒకసారైనా నిజమైన పంచదారతో కలిసి సాధన చేయాలి. నీళ్లు మరిగించి సాధన చేస్తే ఆ వేగం అర్థం కాదు.